వెయ్యి కోళ్ల షెడ్డుకి దాణా, మందులు: ఎంత ఉంచాలి, ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి

ప్రశ్న: సార్, మాది పుత్తూరు దగ్గర పల్లె. వెయ్యి బ్రాయిలర్ కోళ్లు సొంతంగా పెంచుతున్నా. దాణా డీలర్ దగ్గర అప్పు మీద తెస్తున్నా. అయినా ఒక్కోసారి సరిగ్గా ఆదివారమే బస్తాలు అయిపోతాయి, ఇంకోపక్క మందులేమో గడువు దాటి పారేయాల్సి వస్తోంది. ఏది ఎంత ఉంచుకోవాలి, ఎప్పుడు తెప్పించాలి?

జవాబు: ‘ఐదు బస్తాలు మిగిలాయంటే ఫోన్ చేయాలి’ అనే లెక్క పెట్టుకుని ఉంటారు, చాలామంది అలాగే చేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. మొదటి వారంలో కోడిపిల్ల రోజుకి సగటున 20 గ్రాములు తింటుంది, అంటే వెయ్యింటికి 20 కిలోలు. మూడో వారానికి అది 90 కిలోలవుతుంది, ఐదో వారంలో 150 దాటుతుంది. అదే ఐదు బస్తాలు మొదట్లో పన్నెండు రోజులు వస్తాయి, చివర్లో రెండో రోజు సాయంత్రానికే ఖాళీ.

కాబట్టి బస్తాలు కాదు, రోజులు లెక్కపెట్టండి. డీలర్ సరుకు పంపడానికి రెండు రోజులు, ఆదివారమో వానో వస్తుందని ఇంకో రెండు రోజులు, మొత్తం నాలుగు రోజుల మేత ఎప్పుడూ చేతిలో ఉండాలి. నిన్నటి వాడకాన్ని నాలుగుతో గుణించండి, మిగిలిన సరుకు అంతకు తగ్గగానే ఆర్డర్ పెట్టండి. మొదటి వారంలో రెండు బస్తాలు చాలు, మూడో వారంలో ఎనిమిది, ఐదో వారంలో పన్నెండు. ప్రీస్టార్టర్, స్టార్టర్, ఫినిషర్ విడివిడిగా రాయండి, కలిపి రాస్తే ఏది అయిపోతోందో తెలియదు. బ్యాచ్ మొత్తానికి కోడికి 3.4 కిలోలు అనుకుంటే 68 బస్తాలు: సుమారు 6 ప్రీస్టార్టర్, 18 స్టార్టర్, 44 ఫినిషర్.

అలాగని ముందే అన్నీ తెచ్చి నింపొద్దు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకి గోడకి ఆనించిన బస్తా అడుగున తేమ పడుతుంది. చెయ్యి పెట్టి చూడండి, ఉండలు కట్టి ముక్కిపోయిన వాసన వస్తే ఆ బస్తా పక్కన పెట్టేయండి, బూజు విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చెక్కల మీద, గోడకి అడుగు దూరంలో పేర్చి, పాతది ముందు వాడండి.

ఇక అప్పు సంగతి. బస్తా 2,000 రూపాయలు అనుకుందాం. రొక్కమిస్తే డీలర్ 40 తగ్గిస్తానంటే, 45 రోజుల అప్పుకి మీరు 2 శాతం కడుతున్నట్టు, ఏడాదికి చూస్తే 16 శాతం వడ్డీ. కోళ్ల పెంపకానికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతం పడుతుంది. 68 బస్తాల మీద రొక్కానికి 2,720 తగ్గితే, 1,36,000 మొత్తానికి 45 రోజులకి 7 శాతం వడ్డీ వేసినా 1,200 లోపే. బ్యాంకుకి వెళ్లే ముందు ఒక్కమాట డీలర్‌ని అడగండి: రొక్కానికి ఎంత తగ్గిస్తారని.

టీకాలు నిల్వ ఉంచే సరుకు కావు. కొక్కెర తెగులుకి 5 నుంచి 7 రోజుల మధ్య కంటిచుక్క, గంబోరోకి 12 నుంచి 14 రోజుల మధ్య నీళ్లలో, మళ్లీ కొక్కెర తెగులుకి 21 రోజుల తర్వాత. ఈ తేదీలు పిల్లలు దిగిన రోజే క్యాలెండర్‌లో రాసుకోండి, టీకా మాత్రం ముందు రోజే కొనండి, ఐస్ వేసిన ఫ్లాస్కులో తెచ్చి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ఓసారి కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలినది రేపటికి పనికిరాదు. నీళ్లలో ఇచ్చే రోజు, దాని ముందు రోజు క్లోరిన్ అస్సలు కలపొద్దు, టీకా చచ్చిపోతుంది. డబ్బు పోవడం కంటే, టీకా వేశామని ధైర్యంగా ఉన్నప్పుడు జబ్బు రావడమే ఇక్కడ పెద్ద నష్టం.

మందుల అరలో ఉండాల్సినవి కొన్నే: ఎలక్ట్రోలైట్ పొడి, విటమిన్లు, నీళ్ల శుద్ధి మందు, సున్నం. ఒక బ్యాచ్‌కి సరిపడా కొని, మూత తీసిన తేదీ డబ్బా మీద రాయండి. యాంటీబయోటిక్ ముందుగా కొని పెట్టుకోవద్దు, డాక్టర్ రాశాకే కొనండి. కొలిస్టిన్‌ని పశువులకి, కోళ్లకి వాడకూడదని 2019లోనే నిషేధించారు, ఎవరిచ్చినా తీసుకోకండి. మందు రాసినప్పుడు, అమ్మకానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా అడిగి రాసుకోండి.

రోజువారీ పుస్తకంలో తిన్న దాణా, తాగిన నీళ్లు, చనిపోయినవి అనే మూడు గడులు చాలు. ఎండలు ముదిరినప్పుడు మేత తగ్గి నీళ్లు పెరుగుతాయి, అది మామూలే, ఆర్డర్ కూడా తగ్గించండి. చల్లటి వాతావరణంలో వరసగా రెండు రోజులు మేత పడిపోతే మందుల షాపుకి పరుగెత్తొద్దు, అప్పుడే చచ్చిన కోడిని గట్టి సంచిలో మూసి తిరుపతి వెటర్నరీ కాలేజీకి పట్టుకెళ్లి కోయించి చూడండి.

30వ రోజున కోళ్లని మళ్లీ లెక్కపెట్టి, అమ్మే తేదీకి ఎన్ని రోజులున్నాయో చూసి ఫినిషర్ చివరి లోడు తెప్పించండి. ఆఖర్న రెండు బస్తాలు తక్కువైతే తెచ్చుకోవచ్చు, పది మిగిలితే మాత్రం కొత్త పిల్లలకి అది పెట్టలేరు, ఇరవై వేలు షెడ్డులోనే ఆగిపోతాయి.