అమ్మ ఫైల్లో నాలుగు ‘అలర్జీలు’.. అసలైనవి ఎన్ని?

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్లు. వచ్చే నెలలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్. పాత ఫైళ్లలో ఒకచోట పెన్సిలిన్ అలర్జీ అని, ఇంకోచోట పెయిన్ కిల్లర్లు పడవని, సల్ఫా పడదని, రామిప్రిల్ అలర్జీ అని రాసి ఉంది. అన్నీ కలిపి ఒకే లిస్టు తెమ్మన్నారు మత్తు డాక్టరుగారు. ఏది నిజమైన అలర్జీయో, ఏది సైడ్ ఎఫెక్టో ఎలా తెలుస్తుంది? కాగితాల ఫొటోలు పంపుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

డాక్టర్ సలహా: ముందు ఆ కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చండి. ‘అలర్జీ’ అని ఒక్క మాట రాసిన కాగితం కంటే, ఆ ఇబ్బంది వచ్చిన రోజున రాసిన కాగితమే మనకు ముఖ్యం. దాంట్లో ఏ మందు, వేసుకున్న ఎంతసేపటికి, ఒంటి మీద ఏం కనిపించింది, ఆ తర్వాత అదే మందు మళ్లీ ఎప్పుడైనా వాడారా అన్నవి వెతకండి.

పెన్సిలిన్ సంగతి ఇలా చూస్తే తేలిపోతుంది. 2012 డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నది ‘అమాక్సిసిలిన్-క్లావులనేట్, విరేచనాలు, మందు ఆపాం’ అని మాత్రమే. దద్దుర్లు లేవు, ఆయాసం లేదు. 2017లో వేరే ఆసుపత్రిలో ఎవరో దాన్ని ‘పెన్సిలిన్ అలర్జీ’గా ఎక్కించారు, తర్వాతి కాగితాలన్నీ దాన్నే కాపీ కొట్టాయి. 2022లో పన్ను తీయించుకున్నాక అమ్మగారు పెన్సిలిన్ రకమే అయిన అమాక్సిసిలిన్ 5 రోజులు వాడారు, ఏమీ కాలేదు. అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. కాబట్టి ఇది సైడ్ ఎఫెక్ట్, ఎక్కువగా క్లావులనేట్ వల్ల వచ్చేది. అయినా మీరే కొట్టేయకండి. ఈ మూడు కాగితాలూ చూపించి డాక్టరు చేతే మార్పించండి.

పెయిన్ కిల్లర్ల దగ్గర కొంచెం ఆగాలి. 2014లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసిన అరగంటకి ఒళ్లంతా దద్దుర్లు, కనురెప్పల వాపు. ఇది నిజమైన రియాక్షనే, అనుమానం అక్కర్లేదు. 2019లో అసెక్లోఫెనాక్-పారాసిటమాల్ కలిపిన మాత్ర వేసుకున్న రోజు సాయంత్రం పెదవులు వాచాయి, దద్దుర్లు మాత్రం లేవు. పారాసిటమాల్ జ్వరానికి ఇప్పటికీ వాడుతున్నారని రాశారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. అసెక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌కి దగ్గరి చుట్టం, ఒంట్లోకి వెళ్లాక కొంత దానిగానే మారుతుంది. అందుకని తప్పు దానిదేననిపిస్తుంది.

కానీ తేదీలు చూడండి. రామిప్రిల్ మొదలైంది 2018లో, పొడి దగ్గు వచ్చి ఆపింది 2019 చివర్లో. అంటే పెదవులు వాచిన రోజున ఆ బీపీ మాత్ర కూడా నడుస్తోంది. దద్దుర్లు, దురద లేకుండా పెదవులో నాలుకో వాచడం ఈ ‘ప్రిల్’ మందుల వల్ల వస్తుంది, నెలలూ ఏళ్లూ వాడాక కూడా రావచ్చు. ఒట్టి దగ్గు అయితే సైడ్ ఎఫెక్టే, ప్రమాదం లేదు. వాపు మాత్రం అలా కాదు, గొంతు దాకా పాకితే ప్రాణం మీదకి వస్తుంది. ఇద్దరిలో దోషి ఎవరో ఇప్పుడు చెప్పలేం కనుక రెండు పేర్లూ లిస్టులో ఉండాలి, పక్కన ‘అనుమానం’ అని రాయాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఇక వద్దు. ఇప్పుడు వాడుతున్న టెల్మిసార్టన్ ఇబ్బంది పెట్టట్లేదు కాబట్టి దాన్ని కొనసాగించొచ్చు.

ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఎప్పుడైనా వేసుకున్నారా అని అమ్మగారిని అడగండి. వాటికీ దద్దుర్లు వచ్చి ఉంటే ఆ మందుల కుటుంబం మొత్తం మానేయాలి. ఏమీ కాకపోతే నిషేధం డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్‌ల వరకే సరిపోవచ్చు. ఇంట్లో వేసి చూడటం మాత్రం వద్దు.

ఇంట్లో అందరూ తేలిగ్గా తీసుకున్నదే నాకు పెద్దగా కనిపిస్తోంది. సల్ఫా మందైన కోట్రైమాక్సజోల్ వేసుకున్నప్పుడల్లా ‘వేడి చేసి’ కింది పెదవి మీద అదే చోట మంట పుట్టి, నల్ల మచ్చ మిగులుతోందని రాశారు. మందు వేసిన ప్రతిసారీ అదే చోట తిరగబెట్టడం వేడి కాదు, చర్మానికి వచ్చే నిజమైన డ్రగ్ అలర్జీ. మళ్లీ మళ్లీ వాడితే మచ్చలు పెరుగుతాయి. దీన్ని తప్పకుండా రాయండి, మచ్చ ఫొటో కూడా జత చేయండి. ఎప్పుడైనా నోరు, కళ్లు పొక్కి చర్మం ఊడిందా అని కూడా అడగండి. అలా జరిగి ఉంటే ఆ పేరు ఎర్ర ఇంకుతో అన్నిటికంటే పైన ఉండాలి.

కాగితం మీద రెండు భాగాలు చేయండి. పైన ‘మళ్లీ ఇవ్వకూడదు’, కింద ‘ఇబ్బంది పెట్టింది, అవసరమైతే ఇవ్వొచ్చు’. ఒక్కో వరస ఇలా ఉంటే చాలు: ‘డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, 2014, అరగంటలో దద్దుర్లు, కనురెప్పల వాపు, నిర్ధారణ: డిశ్చార్జ్ సమ్మరీ’. బ్రాండ్ పేరు కాదు, లోపలి మందుల పేర్లు రాయండి. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇచ్చిన మాత్ర ఏదో తెలియకపోతే ‘పేరు తెలియదు’ అనే రాయండి, ఊహించి రాయొద్దు.

రామిప్రిల్ దగ్గు, క్లావులనేట్ విరేచనాలు ఎవరి జ్ఞాపకమో కాదు, రాతలో ఉన్నవే. విరేచనాలు కింది భాగంలోకి వెళ్తాయి. రామిప్రిల్ మాత్రం వాపు అనుమానం వల్ల పైనే ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, సపోజిటరీ చాలా చోట్ల మామూలుగా రాసేస్తారు. లిస్టు ఒక కాపీ మత్తు డాక్టరుగారికి, ఒకటి వార్డు సిస్టర్‌కి ఇవ్వండి. ఇంట్లో మోకాళ్లకి రాసే జెల్, స్ప్రే లేబుల్ కూడా ఒకసారి చదవండి, చాలావాటిలో ఉండేది డైక్లోఫెనాకే.