చనిపోయినవాళ్లు కలలోకొచ్చి అన్నం, బట్టలు అడిగితే మీ ఇంట్లో ఏం చేస్తారు?

ప్రశ్న: మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఈ వారంలో రెండుసార్లు కలలోకి వచ్చి ఆకలవుతుంది, చీర కావాలి అంది. ఏం చేయాలో తెలియట్లేదు.

మా తాత అడిగింది నీళ్లండి. ఆయన పోయిన నాలుగో నెలలో మా బాపుకి వరసగా మూడు రాత్రులు కలొచ్చింది, గడప బయటే నిలబడి గొంతెండుకపోతుందిరా అంటాడట, లోపలికి మాత్రం రాడట. బాపు రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు, మూడోరోజు నాయనమ్మకి చెప్తే ఆమె అడిగిన మొదటి మాట, మాసికం ఏ రోజు పెడుతున్నవ్ అని. అక్కడ దొరికింది. మేం సిటీలో ఉండి క్యాలెండర్ తేదీ చూసి ప్రతినెలా అదే తేదీకి పెడుతున్నం, పెట్టాల్సిందేమో పోయిన తిథికి, నెలనెలా కొన్ని రోజులు తేడా వస్తనే ఉంది.

వచ్చే తిథికి ఊరికెళ్లినం. అయ్యగారికి స్వయంపాకం ఇచ్చినం, అంటే బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు, దక్షిణ, ఆయన గోత్రం, పేర్లు చెప్పించి బాపుతో నువ్వులు నీళ్లు వదిలించిండు. ఇంట్లో ఫొటో ముందు విస్తరేసి తాతకి ఇష్టమైన గారెలు, చేపల పులుసు, పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టి, ఒక ముద్ద గోడ మీద కాకికి పెట్టినం. అరగంటైనా కాకి రాలేదు. నాయనమ్మ బయటికొచ్చి ఇంకా ఏం అలక, నీళ్లు పెట్టినం కదా అని ఆకాశంకెల్లి తిట్టింది 😀 తర్వాత వచ్చింది లెండి.

ఆ రాత్రే బాపు అసలు సంగతి చెప్పిండు. ఆపరేషన్ ముందు నీళ్లు తాపొద్దు అన్నరట, తాత అడుగుతనే ఉన్నడట, ఈయన దూది తడిపి పెదాలకి అద్దిండు అంతే, తాత మళ్లీ బయటికి రాలేదు. నాకైతే ఆ కల తిథి వల్ల కాదు దీనివల్లే అనిపిస్తది, నాయనమ్మ మాత్రం ఒప్పుకోదు. ఆ ఎండాకాలం నుంచి మా గేటు ముందు రెండు రంజన్లు పెట్టి బాపే రోజూ నింపుతడు, కల ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తది గానీ మునుపటిలా పొద్దంతా ముభావంగా ఉండడు.

మీ విషయంలో ముందు మాసికాలు తిథికే పెడుతున్నరా చూడండి. చీర మావైపైతే ఫొటో ముందు పెట్టి దండం పెట్టుకున్నాక అమ్మ వయసు ఆవిడకి అన్నం పెట్టి ఇచ్చేస్తరు, మీ నాన్నగారు ఉండగానే అమ్మ పోయుంటే ముత్తైదువకి పసుపు కుంకుమతో ఇస్తరు. కొన్ని ఇళ్లల్లో కూతురే కట్టుకుంటది, మీ పెద్దవాళ్లని అడగండి. కల మాట చెప్పగానే దోషం ఉంది, వేలు పెట్టి శాంతి చేయించాలె అనేవాళ్లు తగులుతరు, మాకూ ఒకాయన తగిలిండు, నాయనమ్మ మజ్జిగ తాపి పంపించేసింది.