తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోకి సాయంకాలపు వెలుగు

ఆవకాయ సీసా ఫొటో స్టూడియోలో తీసింది ఉంది, దీపావళి క్యాంపెయిన్‌కి సాయంత్రం మూడ్ కావాలి. ఏఐ ఎడిటర్‌లో ‘వార్మ్‌గా మార్చు’ అంటే లేబుల్‌తో సహా అంతా నారింజ రంగైపోతోంది. ఏం రాయాలి?

మూడ్ పేరు చెబితే అది ఫొటో మొత్తానికీ రంగు పూసేస్తుంది, అందుకే వెలుగు ఎక్కడినుంచి, ఎంత ఎత్తునుంచి వస్తోందో చెప్పండి. నేనైతే ఇలా రాస్తాను:

“ఎడమవైపు నుంచి, కిందకి వాలిన సూర్యుడి బంగారు వెలుగు. కుడివైపు పొడవాటి మెత్తని నీడ, నీడలో కొంచెం నీలం ఛాయ. సీసా కింద ఉన్న పాత నీడ, గాజు మీద స్టూడియో లైట్ మెరుపు తీసెయ్. సీసా ఆకారం, లేబుల్ అక్షరాలు, ఆవకాయ ఎరుపు, కెమెరా కోణం మార్చకు.”

ఆ పాత మెరుపు సంగతి చాలామంది మర్చిపోతారు. గాజు మీద నిలువుగా తెల్లటి చార మిగిలిపోతే, మిగతాదంతా ఎంత బాగా వచ్చినా అతికించినట్టే ఉంటుంది.

వచ్చాక లేబుల్‌ని జూమ్ చేసి చూడండి, తెలుగు ఒత్తులు తరచూ చెడిపోతాయి. అలా అయితే మళ్లీ మళ్లీ ఎడిట్ చేయించకుండా, అసలు ఫొటోలోని లేబుల్‌ని ఫొటోషాప్‌లో పై లేయర్‌గా పెట్టి, దానికి మాత్రం కాస్త వెచ్చని రంగు కలపండి.