షేరు ధర చూసి కంపెనీ పరిమాణం చెప్పలేమా?

ప్రశ్న: మాది కర్నూలు. ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటిందంటే అది రిలయన్స్ కంటే పెద్ద కంపెనీ అయినట్లేనా?

కాదు. షేరు ధర కంపెనీలోని ఒక్క ముక్క విలువే. మొత్తం ముక్కలెన్నో తెలియనిదే పరిమాణం తేలదు. కొండారెడ్డి బురుజు దగ్గర సెంటు ధర ఆలూరు మెట్టపొలం సెంటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంతమాత్రాన అక్కడ రెండు సెంట్లున్నవారు ఆలూరులో వందల ఎకరాలున్నవారి కంటే ఆస్తిపరులు కారు కదా.

లెక్క చూద్దాం. ఎంఆర్‌ఎఫ్‌కు ఉన్నవి సుమారు 42.4 లక్షల షేర్లే. 2023 జూన్‌లో తొలిసారి ధర లక్షను తాకినప్పుడు, రెండింటినీ గుణిస్తే మార్కెట్ విలువ దాదాపు 42,400 కోట్లు. రిలయన్స్‌కు ఇప్పుడు సుమారు 1,353 కోట్ల షేర్లు. ధర 1,300 అనుకున్నా విలువ 17.5 లక్షల కోట్లు దాటుతుంది.

2024 అక్టోబరులో రిలయన్స్ ఒక షేరుకు మరొకటి బోనస్‌గా ఇచ్చింది. షేర్లు రెట్టింపయ్యాయి, ధర సుమారు సగమైంది. కంపెనీ మాత్రం చిన్నది కాలేదు.

షేర్ల సంఖ్యను మీరే సరిచూసుకోవచ్చు. బ్యాలెన్స్ షీటులోని చెల్లించిన ఈక్విటీ మూలధనాన్ని షేరు ముఖవిలువతో, అంటే మార్కెట్ ధరతో సంబంధం లేకుండా కంపెనీ షేరుకు నిర్ణయించిన విలువతో, భాగించండి. ఎంఆర్‌ఎఫ్‌కు అది సుమారు 4.24 కోట్ల రూపాయలు, ముఖవిలువ 10. చాలామంది పొరపాటున అధీకృత మూలధనాన్ని తీసుకుంటారు. అది జారీ చేయడానికి అనుమతి ఉన్న గరిష్ఠ పరిమితి మాత్రమే. కంపెనీని నడిపించే యజమానులైన ప్రమోటర్ల షేర్లనూ లెక్కలో కలపాలి. వాటిని తీసేసి లెక్కించేది ఫ్రీ ఫ్లోట్ విలువ, నిఫ్టీలో కంపెనీల వాటాను దానితోనే నిర్ణయిస్తారు.