చెన్నైలో సౌర పలకల పెట్టుబడి తిరిగి వచ్చే కాలం

"మూడు కిలోవాట్లకు సబ్సిడీ పోను 1,22,000 అవుతుంది. వేసవిలో రెండు నెలలకు 900 యూనిట్లకు 5,900, మిగతా కాలంలో 500 యూనిట్లకు 1,800 బిల్లు వస్తుంది. క్యాలిక్యులేటర్ 4.4 ఏళ్లంటోంది, నమ్మవచ్చా అండీ?"

నమ్మకండి. అది వేసవి బిల్లు సగటు ధర, యూనిట్‌కు 6.55ను ఏడాది ఉత్పత్తి 4,200 యూనిట్లతో గుణించింది. మన స్లాబు పద్ధతిలో సౌర విద్యుత్తు ముందుగా పై స్లాబులోని ఖరీదైన యూనిట్లను తగ్గిస్తుంది, అట్టడుగున ఉండే మొదటి 100 యూనిట్లు ఎలాగూ ఉచితమే కనుక వాటిని తగ్గిస్తే ఏమీ మిగలదు. అందువల్ల ప్రతి బిల్లుకూ విడిగా ఇలా లెక్కించాలి:

```
ఆదా = బిల్లు(వాడకం) - బిల్లు(వాడకం - ఉత్పత్తి)
```

వేసవిలో 700 యూనిట్లు వస్తే 900 కాస్తా 200 అవుతుంది, బిల్లు సుమారు 240కి దిగి 5,660 మిగులుతుంది. మిగతా కాలంలో, ఈశాన్య రుతుపవనాల మబ్బులున్నా 500 యూనిట్లు వచ్చాయనుకుంటే, మిగిలేది 1,800 మాత్రమే. ఆపై వచ్చే మిగులుకు దక్కేది స్వల్పం. ఏడాదిలో వేసవివి మూడు, మిగతావి మూడు బిల్లులకు మొత్తం ఆదా దాదాపు 22,400. ధూళి కడిగించడానికీ, పదేళ్ల తర్వాత ఇన్వర్టరు మార్పిడికీ ఏటా 2,400 తీసివేస్తే 20,000 నిలుస్తుంది, అంటే సుమారు 6.1 ఏళ్లు. నేనైతే రెండు కిలోవాట్లకూ ఇదే లెక్క వేసి చూస్తాను.