బోనస్ పాయింట్లు వచ్చినా కబడ్డీ జట్టులో చోటు రాకపోవడం గురించి

“సార్, సెలక్షన్ మ్యాచ్‌ల్లో బోనస్ పాయింట్లు అందరికన్నా నాకే ఎక్కువ వచ్చాయి. అయినా జిల్లా జట్టులోంచి నన్నెందుకు తీసేశారు?”

బాబూ, నీ లెక్క సరైనదే, కానీ ఈ ఏడాది జాబితా మారదు. ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురు ఉంటేనే బోనస్ వస్తుంది. ఐదుగురే మిగిలినప్పుడల్లా నువ్వు ఎవరినీ తాకకుండానే తిరిగి వచ్చావు. చివరి మ్యాచ్‌లో వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోయి, మూడోది డూ ఆర్ డై అయినప్పుడు, ఎదుట ఐదుగురే ఉన్నా అలవాటు కొద్దీ బోనస్ గీత వైపే కాలు చాచావు, కార్నర్‌లోని కుర్రాడు చీలమండ పట్టేశాడు. కాలు చాచే ముందు నువ్వు ప్రతిసారీ ఎడమ భుజం దించుతావు కాబట్టి అతనికి ముందే తెలిసిపోయింది (గీత బయట కూర్చున్న నాకే తెలిసింది).

12 మందిలో చివరి చోటు దక్కిన అబ్బాయి నీకన్నా నెమ్మదే, అయితే రైడ్‌కు వెళ్ళనప్పుడు కవర్‌లో నిలబడి పట్టగలడు.

ఇకపై సాధనలో ఎదుట ఐదుగురినే నిలబెట్టి, 30 సెకన్లలో చేతితో తాకి రావడానికే వెళ్ళు. భుజం సంగతి నీకే కనబడేలా ఎదుటి వైపు నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకో. నీ కూత, కాళ్ళ వేగం బాగున్నాయి, వాటి జోలికి పోకు.