ఖాతా బ్రాంచి మారేదాకా అప్పు ఎందుకు?

ప్రశ్న: ఉద్యోగం మీద విజయవాడ నుంచి పుణె వచ్చి నెల అయింది. నా పొదుపు ఖాతా విజయవాడ బ్రాంచిలో ఉంది, అందులో 38,000 రూపాయలు ఉన్నాయి. అక్కడే నా జీతంలోంచి, నాన్నగారి పేరు కలిపి, 8 నెలల కిందట 1,80,000కి ఎఫ్‌డీ వేశాను, కాగితం రసీదు ఇంట్లో ఉంది. ఖాతా నంబరు మారకుండా పుణె బ్రాంచికి మార్చమని అడిగితే కేవైసీ గడువు దాటిందని, ముందు అది చేయించుకోమన్నారు. వారంలో ఇంటి అడ్వాన్సు 60,000 కట్టాలి. నెల ఖర్చు 30,000 వరకు అవుతోంది. ఖాతా మారేలోగా ఒక యాప్‌లో 60,000 అప్పు తీసుకోవచ్చా? నెలకు 11,000 చొప్పున 6 నెలలు కట్టాలి, ఫీజు 5 శాతం అంటున్నారు.

జవాబు: తీసుకోవద్దు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, బ్రాంచి మారేదాకా డబ్బు విజయవాడలో చిక్కుకుపోయిందన్న భావన మీలో ఉంది. ఊరు మారినవాళ్లు నా దగ్గరికి తెచ్చే సమస్యల్లో ఇదే భావన పదేపదే కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకులో మీ ఖాతా ఏ ఒక్క బ్రాంచి పుస్తకంలోనూ ఉండదు. అది బ్యాంకు మొత్తానికి ఒకటే అయిన వ్యవస్థలో ఉంటుంది, బ్రాంచి అన్నది ఆ ఖాతాకు తగిలించిన చిరునామా మాత్రమే. బ్రాంచి మార్చినప్పుడు మారేది ఆ చిరునామాయే కాబట్టి నంబరు అలాగే ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందూ, పెట్టిన తర్వాతా, మీ 38,000 పుణెలో ఏటీఎంలోనూ యూపీఐలోనూ మీ చేతికి అందుతూనే ఉంటుంది.

అప్పు లెక్క ఒక్కసారి చూడండి. 60,000 మీద 5 శాతం ఫీజు 3,000, దానిపై జీఎస్టీ 540 ముందే కోసుకుంటే మీ చేతికి వచ్చేది 56,460. తిరిగి కట్టేది 66,000. అంటే ఆరు నెలలకు 9,540 రూపాయలు పోతాయి, పైగా అడ్వాన్సుకు ఇంకా 3,540 తక్కువ పడుతుంది. అదే ఎఫ్‌డీని గడువుకు ముందే తీసేస్తే, పెనాల్టీ ఒక శాతం అనుకున్నా 8 నెలలకు 1,200 రూపాయలు. వడ్డీని అసలు ఒప్పుకున్న రేటుకు బదులు 8 నెలల డిపాజిట్ రేటుతో లెక్కిస్తారు కాబట్టి ఇంకొంత తగ్గవచ్చు. అయినా ఆ నష్టం యాప్ తీసుకునేదానికి దగ్గరకు కూడా రాదు. సొంత డబ్బు 2,18,000 ఉన్న మనిషి 60,000 కోసం ఇలాంటి అప్పు చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అసలు చిక్కు మీ పొదుపు ఖాతాలో కాదు, ఎఫ్‌డీలో ఉంది. చూడటానికి అది మీ అత్యవసర నిధి, నెలకు 30,000 ఖర్చుతో అది సరిగ్గా ఆరు నెలలకు సరిపోయే మొత్తం కూడా. అయితే కౌంటర్ దగ్గర కాగితం రసీదుతో తీసుకున్న ఎఫ్‌డీ చాలా బ్యాంకుల్లో ఆన్‌లైన్‌లో రద్దు కాదు. ఇద్దరి పేర్లతో ఉన్నదాన్ని గడువుకు ముందు తీయాలంటే, ‘ఇద్దరిలో ఎవరైనా’ అని రాసి ఉన్నా, సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. పొదుపు ఖాతాను పుణెకు మార్చమని ఇచ్చిన దరఖాస్తుతో ఎఫ్‌డీ కూడా దానంతటదే వచ్చేస్తుందని అనుకోకండి, దాన్ని విడిగా పేర్కొనాలి. కాబట్టి ముందు ఎఫ్‌డీ పని ముగించి, ఆ తర్వాతే ఖాతా మార్పిడికి దరఖాస్తు పెట్టండి. క్రమం తప్పితే రసీదు ఒక ఊళ్లో, ఖాతా ఒక ఊళ్లో పడి, చిన్న పనికి రెండు బ్రాంచిల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఈరోజే విజయవాడ బ్రాంచికి ఫోన్ చేసి రద్దు ఫారం ఎలా ఉండాలో కనుక్కోండి. మీరు సంతకం చేసి నాన్నగారికి కొరియర్ చేస్తే, ఆయన తన సంతకం పెట్టి, రసీదుతో పాటు బ్రాంచిలో ఇచ్చి, మొత్తం మీ పొదుపు ఖాతాలో జమ చేయించగలరు. వారంలో అది తేలకపోతే 38,000లోంచి 30,000 ఇప్పుడు ఇచ్చి, మిగతాది పది రోజుల్లో ఇస్తానని ఇంటి యజమానిని అడగండి. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని హామీగా ఉంచి బ్యాంకు నుంచే అప్పు తీసుకోవడం కూడా ఒక మార్గమే, కానీ దానికీ ఇద్దరి సంతకాలూ కావాలి.

కేవైసీ విషయంలో బ్రాంచివాళ్లు చెప్పింది నిబంధనే. ఒక బ్రాంచిలో పూర్తిగా చేసిన కేవైసీ అదే బ్యాంకులోని ఏ బ్రాంచికి మారినా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చెబుతోంది, కానీ గడువు దాటి ఉండకూడదన్నది అందులోని షరతు. దీనికి విజయవాడ వెళ్లనక్కర్లేదు, పుణెలోని బ్రాంచిలోనే చేయించుకోవచ్చు. వివరాల్లో మార్పు లేకపోయినా, చిరునామా ఒక్కటే మారినా, మామూలు ఖాతాదారు స్వయంగా రాసిచ్చే ప్రకటన సరిపోతుంది. కొత్త చిరునామాను బ్యాంకు రెండు నెలల్లోగా నిర్ధారించుకుంటుంది. ఆ పనికి ఉత్తరం పంపితే అది అందుకునేలా ఉండాలి కాబట్టి, ఇప్పుడు తాత్కాలికంగా ఉంటున్న చోటి చిరునామా కాకుండా, అడ్వాన్సు కట్టి చేరబోయే ఇంటి చిరునామాయే ఇవ్వండి. కేవైసీ పూర్తయ్యాక మార్పిడి దరఖాస్తు కొత్త బ్రాంచిలో ఇవ్వవచ్చు. కొన్ని బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్‌లోనే కొత్త బ్రాంచి కోడ్ కొట్టి అడగవచ్చు, ఉదాహరణకు స్టేట్ బ్యాంకులో ఈ సదుపాయం ఉంది. యాప్‌లో ఖాతా వివరాలు తెరిచినప్పుడు పుణె బ్రాంచి పేరు, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ కనిపిస్తే పని పూర్తయినట్టు.

నంబరు మారదు గానీ ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది, ఎందుకంటే అందులోని చివరి ఆరు అక్షరాలు బ్రాంచిని సూచిస్తాయి. అందువల్ల పీఎఫ్ పోర్టల్‌లో, ఆదాయపు పన్ను రిఫండ్ కోసం ఇచ్చిన ఖాతా వివరాల్లో, బీమా పాలసీలో, కొత్త కంపెనీ జీతాల విభాగంలో కొత్త కోడ్ నమోదు చేయించండి. పాత కోడ్‌తో వేసిన డబ్బు చాలాసార్లు నంబరును బట్టి చేరుతుంది, కానీ పీఎఫ్ క్లెయిమ్ తిరస్కరించిన రోజున ‘చాలాసార్లు’ అన్నది అక్కరకు రాదు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక 2021 ఏప్రిల్ 1 నుంచి పాత కోడ్‌లు చెల్లకపోవడం మన జిల్లాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేతిలో మిగిలిన చెక్కులు వాడవచ్చో లేదో బ్రాంచిలో అడిగి, కొత్త పుస్తకం తీసుకోవడం మంచిది.

అడ్వాన్సు పోగా మిగిలే 1,20,000ను మళ్లీ ఒకే రసీదులో పెట్టకండి. మీ ఒక్కరి పేరుతో, ఆన్‌లైన్‌లో, 40,000 చొప్పున మూడు ఎఫ్‌డీలుగా వేసి, మూడింటికీ నాన్నగారిని నామినీగా పెట్టండి. అప్పుడు ఆసుపత్రి ఖర్చు ఏదైనా వస్తే బ్రాంచికి వెళ్లకుండా ఫోన్‌లోనే ఒకటి తీయగలరు, మిగతా రెండూ కదలవు. అడ్వాన్సుగా ఇచ్చిన 60,000 ఎప్పుడో తిరిగి వచ్చినా, దాన్ని నిధిలో లెక్కించకండి, ఇల్లు ఖాళీ చేసేదాకా అది మీది కాదు. యాప్‌కు నెలకు 11,000 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అదే మొత్తాన్ని జీతం పడిన రోజునే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలలకు 66,000 జమ అవుతుంది, నిధి మళ్లీ 1,80,000 దాటుతుంది.